ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చింది? న్యూరల్ నెట్‌వర్క్ వెయిట్ల తొలి విలువల లెక్క

న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ మొదలుపెట్టే ముందు అందులోని ప్రతి వెయిట్‌కూ ఒక తొలి విలువ ఇవ్వాలి. ఒక న్యూరాన్ నుంచి ఇంకో న్యూరాన్‌కు వెళ్లే సంఖ్యను ఎంతతో గుణించి పంపాలో చెప్పేదే వెయిట్. శిక్షణలో జరిగేదంతా ఈ వెయిట్లను కొద్దికొద్దిగా సవరించడమే. అయితే సవరించడానికి ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి. అన్నిటికీ ఒకే సంఖ్య ఇస్తే ఒక పొరలోని న్యూరాన్లన్నీ ఒకే లెక్క చేస్తాయి, ఒకే సవరణ అందుకుంటాయి, చివరిదాకా ఒకదానికొకటి నకళ్లుగానే మిగులుతాయి. వెయ్యి న్యూరాన్లు ఉన్నా ఒక్కటి ఉన్నట్టే. అందుకని వెయిట్లను యాదృచ్ఛికంగా, లాటరీ తీసినట్టు, సున్నాకు అటూ ఇటూ సమానంగా పరుచుకునేలా ఎంచుకుంటారు.

ఎంత దూరం పరుచుకోవాలన్నదే అసలు ప్రశ్న. సున్నాకు బాగా దగ్గరగానా, దూరంగానా? పొరలోకి వచ్చే సంఖ్యలు n అయితే, టాన్‌హెచ్ వాడే నెట్‌వర్క్‌లో వెయిట్ల విస్తృతి 1/n ఉండాలని, రెలూ వాడే నెట్‌వర్క్‌లో 2/n ఉండాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. విస్తృతి అంటే ఇంగ్లిషు మీడియం విద్యార్థులు వేరియన్స్ అని చదువుకునేదే. సగటు నుంచి ఒక్కో విలువ ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలకు తీసిన సగటు అది. దాని వర్గమూలం ప్రామాణిక విచలనం. 1/n కు, 2/n కు తేడా చూడటానికి చిన్నదే. కానీ ముప్పై పొరల నెట్‌వర్క్ నేర్చుకుంటుందా, మొదటి అడుగులోనే ఆగిపోతుందా అన్నది ఆ తేడా మీదే ఆధారపడిన సందర్భం ఉంది.

ముందుగా ఒక్క న్యూరాన్ దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. దానికి కింది పొర నుంచి 512 సంఖ్యలు వస్తున్నాయనుకుందాం. ఒక్కోదాన్ని ఒక్కో వెయిట్‌తో గుణించి, 512 లబ్ధాలనూ కూడుతుంది. వెయిట్లలో కొన్ని ధనాత్మకం, కొన్ని రుణాత్మకం కాబట్టి లబ్ధాలు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పూర్తిగా మాత్రం కొట్టేసుకోవు. నాణెం 512 సార్లు ఎగరేసి, బొమ్మ పడితే ఒక రూపాయి ఇచ్చి, బొరుసు పడితే ఒక రూపాయి తీసుకునే ఆటలో చివరికి సరిగ్గా సున్నా మిగలడం అరుదు. 512 రూపాయలు రావడం దాదాపు అసాధ్యం. మామూలుగా మిగిలే లాభనష్టం 512 కు వర్గమూలం, అంటే సుమారు 22.6 రూపాయల స్థాయిలో ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఖ్యలను కూడినప్పుడు విస్తృతులు కూడుకుంటాయి. ప్రామాణిక విచలనాలు అలా కూడుకోవు. తర్వాతి లెక్కంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలుస్తుంది.

న్యూరాన్ కూడిన మొత్తాన్ని z అని, లోపలికి వచ్చే సంఖ్యను x అని, వెయిట్‌ను w అని పిలిస్తే లెక్క ఇలా వస్తుంది:

Var(z) = n × Var(w) × E[x²]

ఇందులో E[x²] అంటే x వర్గానికి సగటు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కుడివైపు ఉన్నది x విస్తృతి కాదు, x వర్గానికి సగటు. x సగటు సున్నా అయితే ఈ రెండూ ఒకటే. కాకపోతే వేరు. వెయిట్ల సగటు సున్నా కాబట్టి x ఎప్పుడూ 5 గానే ఉన్నా, అంటే దాని విస్తృతి సున్నా అయినా, w×5 మాత్రం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు పరిమాణాన్ని నిర్ణయించేది 5 వర్గం. రెలూ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడాయే కీలకమవుతుంది.

ఇప్పుడు ఒక్కో పొరలో 512 న్యూరాన్లు ఉన్న ముప్పై పొరల నెట్‌వర్క్‌ను తీసుకుందాం. మొదటి పొరలోకి వచ్చే సంఖ్యల వర్గాల సగటు 1 అనుకుందాం. టాన్‌హెచ్, రెలూ వంటివేవీ లేకుండా గుణకారాలు, కూడికలే ఉన్నాయనుకుందాం. వెయిట్ల ప్రామాణిక విచలనం 1 అయితే ప్రతి పొరలో విస్తృతి 512 రెట్లు పెరుగుతుంది, అంటే సంఖ్యలు 22.6 రెట్లు పెద్దవవుతాయి. ముప్పై పొరలు దాటేసరికి అవి 1 పక్కన నలభై సున్నాలు పెట్టినంత అవుతాయి. సాధారణంగా వాడే 32 బిట్ల దశాంశ సంఖ్యల్లో పట్టేది 3.4×10³⁸ వరకే. అది దాటగానే కంప్యూటర్ inf అని, ఆ వెనకే nan అని చూపిస్తుంది. వెయిట్లను మరీ చిన్నవి చేసి 0.01 విచలనంతో ఎంచుకుంటే ఇందుకు తలకిందులుగా జరుగుతుంది. పొరపొరకూ సంఖ్యలు 0.226 రెట్లకు కుంచించుకుపోయి, చివరికి 10⁻¹⁹ కన్నా చిన్నవవుతాయి. అంత చిన్న సంఖ్యల్లో ఈ ఇన్‌పుట్‌కు, ఆ ఇన్‌పుట్‌కు తేడా పై పొరలకు అందదు.

రెండు వైపులా చిక్కు ఒకటే. ఒక పొరలో గుణకం 1 కన్నా కాస్త ఎక్కువైనా, కాస్త తక్కువైనా అది చక్రవడ్డీలా పెరిగిపోతుంది. కనుక n × Var(w) సరిగ్గా 1 కావాలి, అంటే Var(w) = 1/n. పొర ఎంత వెడల్పు ఉంటే ఒక్కో వెయిట్ అంత చిన్నదిగా ఉండాలి. వెడల్పుతో భాగించడానికి కారణం ఇంతే: ఎక్కువ సంఖ్యలను కూడితే ఎక్కువ ఊపు పోగవుతుంది కాబట్టి ఒక్కోదాని ఊపును ఆ మేరకు తగ్గించాలి. 512 వెడల్పుకు వెయిట్ల ప్రామాణిక విచలనం 0.0442 వస్తుంది.

గుణకారాలు, కూడికలు మాత్రమే ఉన్న నెట్‌వర్క్ ఎన్ని పొరలున్నా ఒక్క పొరతో సమానం. అందుకే ప్రతి పొర తర్వాతా ఒక వంకర ప్రమేయం పెడతారు. దానిని యాక్టివేషన్ అంటారు. ఏ వంకర పెట్టారన్న దాన్ని బట్టి పై లెక్క మారుతుంది.

టాన్‌హెచ్ ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా దాన్ని –1 కు, 1 కు మధ్య ఇముడ్చుతుంది. సున్నా దగ్గర మాత్రం దాదాపు సరళరేఖే. 0.1 ఇస్తే 0.0997 వస్తుంది. 1 ఇస్తే 0.76, 2 ఇస్తే 0.96, 3 ఇస్తే 0.995 వస్తాయి. రెండు దాటాక అది పైకప్పుకు ఆనినట్టు ఉంటుంది. ఇంకెంత పెంచినా ఫలితం మారదు. రుణ సంఖ్యలకు కూడా ఇదే రూపం, గుర్తు మాత్రం మారుతుంది. కాబట్టి లోపలికి వెళ్లేవి సున్నాకు అటూ ఇటూ సమానంగా ఉంటే బయటికి వచ్చేవీ అలాగే ఉంటాయి, సగటు సున్నాగానే నిలుస్తుంది. సంఖ్యలు చిన్నవిగా ఉన్నంతవరకు టాన్‌హెచ్ తనలోకి వచ్చినదాన్ని దాదాపు అలాగే పంపిస్తుంది. అందువల్ల సరళ పొరకు వేసిన 1/n లెక్క దానికి కూడా సరిపోతుంది.

వెడల్పుతో భాగించాలన్న సలహా పాతదే. యాన్ లెకున్, ఆయన సహచరులు 1998లో శిక్షణ మెళకువల మీద రాసిన వ్యాసంలోనే అది ఉంది. లోతైన నెట్‌వర్క్‌ల కోసం దీన్ని పొరపొరకూ కొలిచి చూపించింది మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేవియర్ గ్లోరో, యోషువా బెంజియో. వాళ్ల 2010 వ్యాసంలో లెక్క రెండు దిక్కులా నడుస్తుంది. శిక్షణలో సంఖ్యలు కింది నుంచి పైకి మాత్రమే కాదు, పై నుంచి కిందికి కూడా ప్రయాణిస్తాయి. చివర జరిగిన పొరపాటులో ఏ వెయిట్ వాటా ఎంతో చెప్పే సంఖ్యలను గ్రేడియంట్లు అంటారు. అవి పై పొర నుంచి కింది పొరకు దిగుతాయి. దిగేటప్పుడు ప్రతి న్యూరాన్ తన పైనున్న న్యూరాన్ల నుంచి వచ్చినవాటిని కూడుతుంది. కాబట్టి అక్కడ లెక్కలోకి వచ్చే n లోపలికి వచ్చే సంఖ్యలది కాదు, బయటికి పోయేవాటిది. పైకి వెళ్లే సంకేతం నిలవాలంటే 1/n_in కావాలి, కిందికి దిగే గ్రేడియంట్ నిలవాలంటే 1/n_out కావాలి. పొర వెడల్పు మారే చోట రెండూ ఒకేసారి కుదరవు. అందుకని వాళ్లు మధ్యేమార్గంగా 2/(n_in + n_out) తీసుకున్నారు.

ఈ సూత్రంలో కూడా ఒక 2 ఉంది. రెలూ సూత్రంలోని 2 కు దీనితో ఏ సంబంధమూ లేదు. ఇది రెండు వెడల్పుల సగటు తీయడం వల్ల వచ్చిన 2. రెండు వెడల్పులూ 512 అయితే 2/1024, అంటే మళ్లీ 1/512 వస్తుంది. ఈ రెండు రెళ్లనూ కలిపేసుకుని, గ్లోరో సూత్రంలో రెలూ సర్దుబాటు ఎలాగూ ఉందనుకునేవారు తక్కువేమీ కాదు. అది నిజం కాదు.

టాన్‌హెచ్‌కు 1/n సరిపోతుందన్నాక, ఎంత బాగా సరిపోతుందో కూడా చూడాలి. అది ఖచ్చితమైన సరళరేఖ కాదు కాబట్టి ప్రతి పొర కొంత నొక్కుతుంది. ప్రామాణిక విచలనం 1 గా ఉన్న సంఖ్యలు మొదటి టాన్‌హెచ్ దాటగానే 0.63 స్థాయికి తగ్గుతాయి. కానీ చిన్నవవుతున్నకొద్దీ అవి రేఖ సూటిగా ఉన్న చోటికి చేరుతాయి. అక్కడ నొక్కుడు తక్కువ. కాబట్టి తగ్గుదల తనంతట తానే మందగిస్తుంది. ముప్పై పొరల తర్వాత కూడా 0.13 దగ్గర నిలుస్తాయి. ఇది చక్రవడ్డీలాంటి తగ్గుదల కాదు. ఎన్ని పొరలు గడిచాయో ఆ సంఖ్యకు వర్గమూలంతో భాగించినట్టు నెమ్మదిగా జరిగే తగ్గుదల. టాన్‌హెచ్ తన తప్పును తానే కొంత దిద్దుకుంటుంది.

రెలూకు ఆ గుణం లేదు. రెలూ చేసే పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: ధన సంఖ్య వస్తే అలాగే పంపుతుంది, రుణ సంఖ్య వస్తే సున్నా చేస్తుంది. దానికి పైకప్పు లేదు, సున్నా దగ్గర కూడా సరళరేఖ కాదు. సంఖ్యలు ఎంత చిన్నవైనా, ఎంత పెద్దవైనా ప్రతిసారీ సగం కోసేస్తుంది. వెయిట్లు సున్నాకు అటూ ఇటూ సమానంగా ఉన్నాయి కాబట్టి z కూడా అలాగే ఉంటుంది, అంటే 512 న్యూరాన్లలో సుమారు 256 రుణ సంఖ్యలు ఇస్తాయి. రెలూ వాటిని సున్నా చేస్తుంది. మిగిలిన 256 లో ఏ మార్పూ ఉండదు. వర్గాల మొత్తం సరిగ్గా సగమవుతుంది, ఎందుకంటే ధన సగానికీ, రుణ సగానికీ వర్గాలు సమానం. కాబట్టి రెలూ దాటాక E[x²] విలువ అంతకుముందున్న Var(z) లో సగం.

ఇక సూత్రంలోకి వస్తే ప్రతి పొరలో గుణకం n × Var(w) × ½. అది 1 కావాలంటే Var(w) = 2/n కావాలి. రెలూ ప్రతి పొరలో పారేస్తున్న సగాన్ని వెయిట్లు ముందుగానే రెట్టింపు చేసి ఇవ్వాలన్నమాట. 512 వెడల్పుకు 2/512 అంటే 1/256, దాని వర్గమూలం 1/16. వెయిట్ల ప్రామాణిక విచలనం సరిగ్గా 0.0625. గ్రేడియంట్లు కిందికి దిగేటప్పుడు కూడా ఇదే లెక్క. మూసుకున్న న్యూరాన్ గుండా ఏ గ్రేడియంటూ దిగదు, తెరుచుకున్నదాని గుండా ఉన్నదున్నట్టు దిగుతుంది. అక్కడా సగమే మిగులుతుంది, అక్కడా 2 కావాలి.

ఇక్కడే ముందు చెప్పిన తేడా పనికొస్తుంది. రెలూ నుంచి బయటికి వచ్చే సంఖ్యలన్నీ సున్నా లేదా ధనాత్మకం కాబట్టి వాటి సగటు సున్నా కాదు. z గంట ఆకారపు వ్యాప్తిలో, ప్రామాణిక విచలనం 1 తో ఉంటే, రెలూ దాటాక సగటు 0.40, విస్తృతి 0.34, వర్గాల సగటు 0.50. సూత్రంలో వర్గాల సగటు ఉండాల్సిన చోట విస్తృతి వాడితే, 0.34 ను సరిచేయడానికి 2 బదులు దాదాపు 2.93 కావాలని తేలుతుంది. చూడటానికి ఇదీ సబబుగానే ఉంటుంది. కానీ అలా ఎంచుకున్న వెయిట్లతో పొరపొరకూ వర్గాల సగటు 1.47 రెట్లు పెరిగి, ముప్పై పొరలకు సంఖ్యలు 300 రెట్లకు పైగా పెద్దవవుతాయి. 0.40 అన్న స్థిరమైన సగటు కూడా పై పొర యాదృచ్ఛిక వెయిట్లతో గుణించగానే ఊపుగా మారుతుందన్న సంగతి ఆ లెక్కలో వదిలేశారు. సరైన సంఖ్య 2 మాత్రమే.

రెలూ నెట్‌వర్క్‌కు 1/n ఇస్తే ఏమవుతుంది? పొరపొరకూ విస్తృతి సగమవుతుంది. ఒక పొరకు సగం పెద్ద నష్టంగా కనిపించదు, ఐదారు పొరల నెట్‌వర్క్ దాన్ని భరించగలదు. ముప్పై పొరలకు మాత్రం సంఖ్యలు 2¹⁵ వ వంతుకు, అంటే 32,768 లో ఒక వంతుకు పడిపోతాయి. ఇదే నెట్‌వర్క్‌లో టాన్‌హెచ్ ఉంటే 1/n తో 0.13 మిగిలిన చోట, రెలూకు 0.00003 మిగులుతుంది. రెలూకు సంఖ్య పరిమాణంతో పని లేదు కాబట్టి తగ్గుదల మందగించే చోటే రాదు.

ఈ తేడా 2015 వరకు గట్టిగా బయటపడకపోవడానికి కారణం నెట్‌వర్క్‌లు అంత లోతుగా లేకపోవడమే. 2014లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కారెన్ సిమోన్యాన్, ఆండ్రూ జిస్సెర్మన్ రూపొందించిన వీజీజీ నెట్‌వర్క్‌లలో 19 పొరల వరకు ఉన్నాయి. వాటిని నేరుగా యాదృచ్ఛిక వెయిట్లతో మొదలుపెట్టే బదులు, ముందు 11 పొరల నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి, దాని పొరల్లో కొన్నిటిని లోతైన నెట్‌వర్క్‌లో పెట్టి అక్కడి నుంచి కొనసాగించారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో కైమింగ్ హే, ఆయన ముగ్గురు సహచరులు రాసిన వ్యాసంలో 2/n సూత్రం వచ్చింది. అప్పట్లో వాడుకలో ఉన్న 0.01 విచలనంతో వీజీజీ తరహా పది కన్వల్యూషన్ పొరల నెట్‌వర్క్‌ను మొదలుపెడితే, పై నుంచి కిందికి దిగేసరికి గ్రేడియంట్ సుమారు 17 వేల వంతుకు తగ్గిపోతుందని వాళ్లు లెక్కకట్టారు. 22 పొరల నెట్‌వర్క్‌లో గ్లోరో పద్ధతి, కొత్త పద్ధతి రెండూ పనిచేశాయి, కొత్తది త్వరగా అందుకుంది. 30 పొరలకు వెళ్లేసరికి గ్లోరో పద్ధతితో శిక్షణ కదలనే లేదు, 2/n తో సాగింది. అయితే అలా శిక్షణ పొందిన 30 పొరల నెట్‌వర్క్, తక్కువ లోతు ఉన్న నెట్‌వర్క్ కన్నా ఖచ్చితంగా గుర్తించిందేమీ లేదని కూడా ఆ వ్యాసమే చెప్పింది. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గది. మంచి తొలి విలువ శిక్షణను నడవనిస్తుంది, అంతవరకే దాని హామీ.

చిత్రాలను చూసే కన్వల్యూషన్ పొరల్లో n ను ఎలా లెక్కించాలన్నది కొత్తవాళ్లను తికమక పెడుతుంది. అక్కడ ఒక న్యూరాన్ కింది పొర మొత్తాన్ని చూడదు, ఒక చిన్న కిటికీని మాత్రమే చూస్తుంది. 3×3 కిటికీ, 64 చానళ్లు ఉంటే అది కూడే సంఖ్యలు 3×3×64, అంటే 576. n అదే. చిత్రం ఎంత పెద్దదన్నది ఈ లెక్కలోకి రాదు.

తలకిందులు తప్పు కూడా ఉంది: టాన్‌హెచ్ నెట్‌వర్క్‌కు 2/n ఇవ్వడం. పైకప్పు ఉంది కాబట్టి పైకి వెళ్లే సంఖ్యలు పేలిపోవు, ఒక స్థాయి దగ్గర స్థిరపడతాయి. ఆ పరిశీలనతోనే తృప్తిపడితే అంతా బాగుందనిపిస్తుంది. కానీ గ్రేడియంట్లకు పైకప్పు లేదు. అవి కిందికి దిగుతూ పొరపొరకూ పెరుగుతాయి, లోతు ఎక్కువైనప్పుడు శిక్షణ అదుపు తప్పుతుంది. వెయిట్లు మరీ పెద్దవైతే న్యూరాన్లలో చాలావరకు పైకప్పుకు అంటుకుపోయి, –1 లేదా 1 మాత్రమే ఇస్తూ ఉంటాయి. z విలువ 3 దగ్గర ఉన్నప్పుడు టాన్‌హెచ్ వాలు 0.01 మాత్రమే, అంటే ఆ న్యూరాన్ గుండా దిగే గ్రేడియంట్ నూరో వంతుకు తగ్గుతుంది. ఇలాంటి స్థితిని కనిపెట్టాలంటే ఒక పొర విలువలను పట్టీల చిత్రంగా గీసి చూడాలి. రెండు అంచుల్లో గుట్టలు, మధ్యలో ఖాళీ కనిపిస్తే వెయిట్లు పెద్దవైనట్టే.

శిక్షణ మొదలుపెట్టే ముందే ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. పైథార్చ్‌లో ఐదు వరుసలు చాలు:

```python
x = torch.randn(1000, 512)
for _ in range(30):
    w = torch.randn(512, 512) * (2/512)**0.5
    x = torch.relu(x @ w)
print(x.pow(2).mean())
```

చివర వచ్చే సంఖ్య 1 చుట్టుపక్కల ఉంటుంది. సరిగ్గా 1 రాదు, ఒక్కోసారి 0.7, ఒక్కోసారి 1.4 కూడా రావచ్చు. ఎందుకంటే 512 అనంతం కాదు, ప్రతి పొరలోనూ కొంత అదృష్టం పాలు ఉంటుంది. పొరలు పెరిగినకొద్దీ, వెడల్పు తగ్గినకొద్దీ ఈ ఊగిసలాట పెరుగుతుంది. ఇందులో 2 తీసేసి 1 పెడితే వర్గాల సగటు 10⁻⁹ స్థాయికి పడిపోతుంది. 2/512 బదులు 1 పెడితే, రెలూ సగం కోసినా సంఖ్యలు పొరకు 16 రెట్లు పెరుగుతాయి. పదహారును తనతో తాను ముప్పైరెండు సార్లు గుణిస్తే వచ్చేది 2¹²⁸. 32 బిట్ల సంఖ్యల హద్దు సరిగ్గా అక్కడే ఉంది. నిజానికి వర్గాలు తీసే ఆఖరి వరుస అంతకు చాలా ముందే inf అంటుంది.

లైబ్రరీ తనంతట తాను ఇచ్చే విలువ సరైనదే అయి ఉంటుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. పైథార్చ్‌లో nn.Linear పొర తనకు తానుగా –1/√n కు, 1/√n కు మధ్య ఏ విలువకైనా సమాన అవకాశం ఇచ్చి వెయిట్లను ఎంచుకుంటుంది. అలాంటి వ్యాప్తికి విస్తృతి 1/(3n). రెలూకు కావాల్సిన 2/n లో ఇది ఆరో వంతే. దీన్ని పట్టుకోవడం కష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. ఆ పొర బయాస్‌లను కూడా యాదృచ్ఛికంగానే ఎంచుకుంటుంది కాబట్టి చివరి పొరలో సంఖ్యలు సున్నాకు పడిపోవు. ఏవో విలువలు కనిపిస్తూనే ఉంటాయి. కానీ ఆ విలువలు బయాస్‌ల నుంచి వచ్చినవి, ఇన్‌పుట్ జాడ వాటిలో ఉండదు. పిల్లి బొమ్మ ఇచ్చినా, బస్సు బొమ్మ ఇచ్చినా నెట్‌వర్క్ ఇంచుమించు ఒకే సమాధానం ఇస్తుంది. కాబట్టి ఒక్క ఇన్‌పుట్‌కు విచలనం చూసి సరిపెట్టుకోకూడదు. రెండు వేర్వేరు ఇన్‌పుట్‌లు ఇచ్చి, పై పొరలో వాటికి తేడా మిగిలిందో లేదో చూడాలి. కెరాస్‌లో Dense పొర గ్లోరో పద్ధతిని వాడుతుంది. అది టాన్‌హెచ్‌కు సరిపోతుంది, లోతైన రెలూ నెట్‌వర్క్‌కు సరిపోదు. పైథార్చ్‌లో రెలూ కోసం విడిగా ఇలా అడగాలి:

```python
nn.init.kaiming_normal_(layer.weight, nonlinearity='relu')
nn.init.zeros_(layer.bias)
```

2/n సూత్రానికి కూడా ఒక హద్దు ఉంది. అది సంకేతం పొడవును కాపాడుతుంది, దిక్కును కాదు. రెలూ దాటినవన్నీ ధనాత్మకం కావడం వల్ల రెండు వేర్వేరు ఇన్‌పుట్‌లు పొరపొరకూ కాస్త దగ్గరగా జరుగుతాయి, వందల పొరల తర్వాత దాదాపు ఒకే దిక్కుకు తిరుగుతాయి. పరిమాణం సరిగ్గా ఉన్నా తేడా కరిగిపోతుంది. అంతేకాక, వెయిట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న ఊహ శిక్షణ మొదలయ్యే ముందు మాత్రమే నిజం. మొదటి సవరణ తర్వాత అవి డేటాను బట్టి కలిసి కదులుతాయి, అక్కడి నుంచి ఈ సూత్రం ఏమీ చెప్పలేదు.

ఈ పరిమితుల వల్లే వేరే ఏర్పాట్లు వచ్చాయి. 2015లోనే వచ్చిన బ్యాచ్ నార్మలైజేషన్, శిక్షణ సాగుతున్నంతసేపూ ప్రతి పొర విలువలను కొలిచి విస్తృతిని 1 కి తెస్తూ ఉంటుంది. అది ఉన్న నెట్‌వర్క్‌లో తొలి విలువ కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకొస్తుంది. అదే ఏడాది చివర కైమింగ్ హే బృందమే తెచ్చిన రెస్‌నెట్‌లో ప్రతి మెట్టు తన ఇన్‌పుట్‌ను ఉన్నదున్నట్టు పైకి పంపి, తాను లెక్కించినదాన్ని దానికి కలుపుతుంది. అక్కడ నష్టం బెడద తగ్గింది కానీ కూడిక బెడద తిరిగి వచ్చింది. కలిపిన ప్రతిసారీ విస్తృతి పెరుగుతుంది. నాణేల ఆటలో లాగే N సార్లు కలిపితే ఊపు √N రెట్లవుతుంది. 2019లో వచ్చిన జీపీటీ-2 లో ఇలా కలిపే పొరల తొలి వెయిట్లను 1/√N తో గుణించి మొదలుపెట్టారు. N అంటే అలా కలిపే పొరల సంఖ్య.